కల్లు తాగే పేషెంటు, బి12 238, పైకి లేచిన బొటనవేలు: ఇది ఫోలేట్ లోపమా, బి12 లోపమా?

శ్రావ్య_హన్మకొండ

అందరికీ నమస్తే. ఆదివారం రాసిన గ్రాండ్ టెస్టులో ఒక ప్రశ్న దగ్గర మా రూములో అందరం రెండు పార్టీలయినం. కీ చూసినా గొడవ తెగలేదు, అందుకే ఇక్కడ పెడుతున్న. గుర్తున్నంత వరకు తెలుగులో రాస్తున్న.

54 ఏళ్ల మనిషి, పరకాల దగ్గర పల్లె. చాలా ఏళ్లుగా రోజూ కల్లు తాగుతాడు. మాంసం, గుడ్లు తింటాడు. నీరసం, ఆయాసం ఉన్నాయని ఊళ్లోనే చూపించుకున్నాడు. అప్పుడు హిమోగ్లోబిన్ 7.2, ఎంసీవీ 116. మూడు నెలలు రోజూ ఫోలిక్ ఆసిడ్ 5 మిల్లీగ్రాముల గోలీ వేసుకున్నాడు. ఇప్పుడు హిమోగ్లోబిన్ 10.8, ఎంసీవీ 104. ఆయాసం తగ్గింది గానీ కాళ్ల తిమ్మిర్లు ఎక్కువైనయి. పొద్దున ముఖం కడుక్కుంటూ కళ్లు మూసుకుంటే పక్కకు తూలిపోతున్నాడు. చీకట్లో నడవలేడు. చేతివేళ్ల మీద, పెదవి మీద బొల్లి మచ్చలు. మడమ దగ్గర రిఫ్లెక్స్ లేదు, అరికాలు గీస్తే బొటనవేలు పైకి లేస్తున్నది. బొటనవేలి దగ్గర వైబ్రేషన్ తెలియడం లేదు.

సీరం బి12 238 పీకోగ్రాములు, ల్యాబ్ నార్మల్ 200 నుంచి. సీరం ఫోలేట్ 18 నానోగ్రాములు. హోమోసిస్టిన్ 48 మైక్రోమోల్, ఎంఎంఏ 1850 నానోమోల్. క్రియాటినిన్ 0.9.

ఆప్షన్లు: కల్లు వల్ల ఫోలేట్ లోపం, కోబాలమిన్ లోపం, కల్లు వల్ల నరాల జబ్బు, బి6 లోపం. కీలో కోబాలమిన్ అని ఇచ్చారు. మా దగ్గర సగం మంది బి12 238 నార్మలే కదా, అదెట్ల అని అడుగుతున్నరు.

నరేష్_నర్సంపేట

నాకు కీ మీద అనుమానం ఉంది. తాగేవాళ్లలో మెగలోబ్లాస్టిక్ అనీమియా అంటే ముందు చూడవలసింది ఫోలేటే. ఫోలేట్ నిల్వ కొన్ని నెలలకే అయిపోతుంది, బి12 నిల్వ ఏళ్ల తరబడి వస్తుంది. పైగా ఈయన మాంసం తింటాడు. ఫోలిక్ ఆసిడ్ ఇస్తే హిమోగ్లోబిన్ 7.2 నుంచి 10.8కి వచ్చింది. ఇంతకంటే రుజువేం కావాలి? తిమ్మిర్లు కల్లు వల్ల వచ్చిన నరాల జబ్బు. రెండు జబ్బులు ఒకే మనిషికి ఉండొచ్చు కదా. బి12 అయితే 238 ఎందుకుంటది?

రాజ్యం_మెడిసిన్

నరేష్, నువ్వన్నదాంట్లో సగం నిజమే. తాగేవాళ్లలో ఫోలేట్ లోపం వస్తుంది, నరాలు కూడా దెబ్బతింటాయి. అందుకే ప్రశ్న రాసినవాళ్లు కల్లు పెట్టారు. కానీ మందుకు రక్తం పెరిగింది కాబట్టి లోపం ఫోలేట్‌దే అనుకోవడం దగ్గరే ఈ ప్రశ్న పట్టుకుంటుంది. బి12 లోపం ఉన్న మనిషికి పెద్ద మోతాదులో ఫోలిక్ ఆసిడ్ ఇచ్చినా రక్తం కొంత మెరుగవుతుంది. నరాలు మాత్రం మెరుగవవు, పైగా దిగజారుతూ పోతాయి. ఈ పేషెంటు కథ అక్షరాలా అదే.

ముందు దేని మీద లెక్క కట్టొద్దో చెప్తాను. ఎంసీవీ 116, స్మియర్‌లో ఆరు లోబ్‌ల న్యూట్రోఫిల్, పెరిగిన ఎల్‌డీహెచ్, ఇన్‌డైరెక్ట్ బిలిరుబిన్, ఇవన్నీ రెండు లోపాల్లోనూ ఒకేలా ఉంటాయి. ఎముక మజ్జ చూసినా తేడా కనపడదు. ఎంసీవీ ఎక్కువ ఉంది కాబట్టి బి12 అనేవాళ్లు వార్డులో ఇప్పటికీ కనిపిస్తారు, అది ఊహే. విడదీసేవి రెండే: కణంలో పేరుకున్న పదార్థాలు, వెన్నుపాము.

ఇక పేషెంటు కాళ్ల దగ్గరికి వద్దాం. కల్లు, సారా వల్ల వచ్చే నరాల జబ్బు బయటి నరాలది. మడమ రిఫ్లెక్స్ పోతుంది, పాదాల్లో మంట, తిమ్మిరి ఉంటాయి, కానీ అరికాలు గీస్తే బొటనవేలు కిందికే వంగుతుంది. ఈయన బొటనవేలు పైకి లేచింది. అంటే వెన్నుపాములో కార్టికోస్పైనల్ దారి దెబ్బతిన్నది. మడమ రిఫ్లెక్స్ లేకపోవడం, బొటనవేలు పైకి లేవడం ఒకే కాలిలో కనిపిస్తే బయటి నరమూ, వెన్నుపామూ రెండూ పోయాయని అర్థం. బి12లో ఇది తరచు చూస్తాం. అందుకని నీ మూడో ఆప్షన్ ఒక్క బొటనవేలితోనే పక్కకు పోతుంది.

కళ్లు మూసుకుంటే తూలడం వెనక కాలమ్‌ల గుర్తు. పాదం ఎక్కడుందో కాలు చెప్పడం లేదు, కళ్లతో చూసి నిలబడుతున్నాడు. ముఖం మీద నీళ్లు చల్లుకున్నప్పుడు ఆ ఆసరా పోతుంది. మన పేషెంట్లు రాంబర్గ్ టెస్టు గురించి చెప్పరు, ఇట్లాగే చెప్తారు. 128 హెర్ట్జ్ ఫోర్క్ బొటనవేలి కణుపు మీద పెట్టి చూస్తే మొదట పోయేది ఆ వైబ్రేషనే. వేలు పైకి ఉందా కిందికి ఉందా అన్న తెలివిడి సాధారణంగా దాని తర్వాత పోతుంది.

శ్రావ్య_హన్మకొండ

మేడం, బొటనవేలు సంగతి అర్థమైంది. కానీ 238 ఎట్ల మేడం? ల్యాబ్ రిపోర్టులో నార్మల్ అనే ఉంటది కదా.

రాజ్యం_మెడిసిన్

సీరం బి12 రక్తంలో తిరుగుతున్న బి12ని కొలుస్తుంది. అందులో ఎక్కువ భాగం హాప్టోకొరిన్ అనే ప్రొటీన్ మోస్తున్నది, అది కణాలకు అందదు. కణాలకు అందేది ట్రాన్స్‌కోబాలమిన్ మోసే చిన్న భాగమే. అందుకే 200 కంటే తక్కువైతే లోపం ఉండే అవకాశం ఎక్కువ, 300 దాటితే తక్కువ, ఆ మధ్యలో ఉంటే ఆ అంకె ఒక్కదాన్ని పట్టుకుని ఏమీ అనలేం. ఈ హద్దులు కూడా ల్యాబ్‌ను బట్టి కొంచెం మారతాయి. 238 సరిగ్గా ఆ మధ్యలో ఉంది. అట్లాంటప్పుడు కణం లోపల పని జరుగుతున్నదా లేదా అన్నది ఎంఎంఏ చెప్తుంది. మామూలుగా అది 270 లోపు ఉండాలి. ఈయనకు 1850.

ఇమ్రాన్ ఉంటే ఆ బయోకెమిస్ట్రీ చెప్పు. నేను చెప్తే సగం వార్డు కథలే అవుతాయి.

ఇమ్రాన్_కాజీపేట

ఉన్నాను మేడం.

మన శరీరంలో బి12 చేసే పనులు రెండే. ఒకటి, మిథైల్ ఫోలేట్ దగ్గర మిథైల్ తీసుకుని హోమోసిస్టిన్‌కు ఇచ్చి మిథియోనిన్ చేయడం. ఈ పనికి బి12, ఫోలేట్ రెండూ కావాలి. రెండు, మిథైల్‌మలోనిల్ కోఏని సక్సినిల్ కోఏగా మార్చడం. ఇక్కడ ఫోలేట్‌కు ఏ పనీ లేదు. కాబట్టి ఏ లోపం ఉన్నా హోమోసిస్టిన్ పెరుగుతుంది. ఎంఎంఏ పెరిగేది బి12 లోపంలోనే. పరీక్షలో గుర్తుంచుకోవలసింది ఇంతే. కానీ నరేష్ అన్న చిక్కు విడిపోవాలంటే ఇంకొక అడుగు వేయాలి.

ఫోలేట్ లోపం లేకపోయినా బి12 లోపంలో డీఎన్‌ఏ తయారీ ఎందుకు ఆగుతుంది? మిథైల్ ఫోలేట్ తన మిథైల్‌ను దించాలంటే బి12 కావాలి. అది లేకపోతే ఫోలేట్ ఆ రూపంలోనే ఇరుక్కుపోతుంది. హన్మకొండ డిపో నిండా బస్సులున్నా డ్రైవర్లు లేకపోతే రోడ్డు మీదికి ఒక్కటీ రాదు, అట్లా. అందుకే బి12 లోపంలో సీరం ఫోలేట్ నార్మల్‌గా, కొన్నిసార్లు ఎక్కువగా కూడా కనిపిస్తుంది. ఎర్రకణాల లోపలి ఫోలేట్ తగ్గుతుంది, ఎందుకంటే కణంలో నిలవాల్సిన రూపం తయారు కావడం లేదు.

ఇప్పుడు గోలీ సంగతి. గోలీలో ఉండేది మిథైల్ ఫోలేట్ కాదు, ఫోలిక్ ఆసిడ్. అది డైహైడ్రోఫోలేట్ రిడక్టేజ్ ద్వారా నేరుగా టెట్రాహైడ్రోఫోలేట్ అవుతుంది, బి12 సాయం అవసరం లేదు. రోజూ 5 మిల్లీగ్రాములు పడితే డీఎన్‌ఏకు కావలసినంత దొరుకుతుంది, మజ్జ మళ్లీ కదులుతుంది, హిమోగ్లోబిన్ పెరుగుతుంది. మిథైల్‌మలోనిల్ కోఏ మాత్రం అక్కడే పేరుకుంటుంది, ఆ దారిలో ఫోలిక్ ఆసిడ్ చేసేదేం లేదు. అందుకే ఈయనకు హిమోగ్లోబిన్ 10.8కి వచ్చినా ఎంఎంఏ 1850 దగ్గరుంది. హోమోసిస్టిన్ కూడా 48లోనే ఉంది, ఎందుకంటే ఫోలేట్ ఎంత పోసినా ఆ మెట్టు దగ్గర బి12 లేదు.

సీరం ఫోలేట్ 18 గురించి ఎవరూ అడగలేదు. గోలీలు వేసుకుంటున్న మనిషికి ఆ అంకె గోలీలనే చూపిస్తుంది. మామూలు మనిషికి కూడా రెండు మూడు రోజులు సరిగ్గా తినకపోతే తగ్గుతుంది, బాగా తింటే పెరుగుతుంది.

మల్లేశం_ల్యాబ్_కరీంనగర్

నేను డాక్టర్‌ను కాను, ల్యాబ్ టెక్నీషియన్‌ను. ఇందులో హోమోసిస్టిన్ గురించి ఒక మాట చెప్పాలి. ప్రశ్నల్ల 48 అని రాస్తే అది 48యే. మా టేబుల్ మీదికి వచ్చేది అట్ల ఉండదు. రక్తం తీసినంక ఎర్రకణాలు హోమోసిస్టిన్‌ను బయటికి వదులుతనే ఉంటయి. ట్యూబు అట్లనే బయట పెడితే గంటకు దాదాపు పది శాతం చొప్పున పెరుగుతది. ఐస్‌ల పెట్టి గంట లోపు తిప్పి ప్లాస్మా వేరు చేస్తెనే ఆ అంకెను నమ్మాలె. మండలాల నుంచి మధ్యాహ్నం తీసిన శాంపిల్ సాయంత్రం బస్సుకు వస్తే, దానికి 22 వచ్చినా నేను డాక్టర్‌కు ఫోన్ చేసి టైం చెప్తా. ఎంఎంఏకు ఈ తిప్పలు లేవు, అది నిలకడగ ఉంటది. కాకపోతే అది చేసే మిషన్ మా దగ్గర లేదు, బయటికి పంపాలె, ఖర్చు కూడ ఎక్కువ.

ఇంకొకటి. ఈడీటీఏ ట్యూబు ఒక రోజంతా బయట ఉంటే ఎర్రకణాలు ఉబ్బి ఎంసీవీ ఎక్కువ చూపిస్తది. 104, 105 అట్ల వస్తే ముందు శాంపిల్ ఎప్పటిదో అడుగుండ్రి.

రాజ్యం_మెడిసిన్

మల్లేశం, ఇది రాసినందుకు చాలా సంతోషం. ఈ టైం సంగతి పుస్తకంలో ఒక లైనులో ఉంటుంది, ఎవరూ చదవరు. ఈ పేషెంటు 48 అయితే గంటల ఆలస్యంతో వచ్చే పెరుగుదల కాదు. 18, 20 దగ్గరుంటే మాత్రం నువ్వు చెప్పింది ముందు గుర్తు రావాలి.

ఎంఎంఏకూ ఒక పరిమితి ఉంది. కిడ్నీలు సరిగ్గా పనిచేయకపోతే బి12 లోపం లేకపోయినా అది పెరుగుతుంది. ప్రశ్నలో క్రియాటినిన్ 0.9 అని ఊరికే ఇవ్వలేదు, ఆ అనుమానం తీర్చడానికే ఇచ్చారు. అదే ప్రశ్నలో క్రియాటినిన్ 4 అని ఉండి, ఎంఎంఏ 450 అని ఉంటే నేను తొందరపడను.

సుజాత_జమ్మికుంట

నమస్తే అండి. నేను చదువుకునే పిల్లను కాదు, గూగుల్‌లో బి12 అని వెతికితే ఈ పేజీ వచ్చింది. మా అమ్మకు షుగర్, పన్నెండేళ్లుగా మెట్‌ఫార్మిన్ వాడుతున్నది. అరికాళ్లు మొద్దుబారినయి అంటున్నది. షుగర్ నరాలు అన్నరు. మొన్న పరీక్ష చేస్తే బి12 176 వచ్చింది. రక్తం మాత్రం 12.4 ఉన్నది. రక్తం బాగానే ఉన్నది కాబట్టి ఏం కాదు అని మందుల షాపాయన ఐరన్, ఫోలిక్ ఆసిడ్ గోలీలు ఇచ్చిండు. వాడొచ్చా?

నరేష్_నర్సంపేట

అక్కా, ఇక్కడ ఎగ్జామ్ ప్రశ్న మాట్లాడుతున్నం. మీరు డాక్టర్‌కు చూపించండి. హిమోగ్లోబిన్ 12.4 ఉంటే బి12 లోపం పెద్దగా లేనట్టే.

రాజ్యం_మెడిసిన్

నరేష్, ఆ రెండో వాక్యం రాయొద్దు. రక్తం బాగున్నా బి12 లోపం వల్ల నరాలు దెబ్బతినవచ్చు. 1988లో లిండెన్‌బామ్ బృందం బి12 లోపంతో నరాల, మానసిక లక్షణాలున్న 141 మంది గురించి రాసింది. వాళ్లలో 40 మందికి అనీమియా గానీ పెద్ద కణాలు గానీ లేవు. హిమోగ్లోబిన్ బాగుందని బి12ని కొట్టేయడం దీని తర్వాత కుదరదు. పరీక్షలో కూడా ఇదే ప్రశ్నను హిమోగ్లోబిన్ 13తో ఇస్తారు, అప్పుడు చాలామంది కోబాలమిన్ ఆప్షన్ దగ్గరికే వెళ్లరు.

సుజాత గారూ, మెట్‌ఫార్మిన్ ఎక్కువ ఏళ్లు వాడితే బి12 తగ్గడం అందరికీ తెలిసిన సంగతి. 176 తక్కువే. అరికాళ్లు మొద్దుబారడం షుగర్ వల్ల కావచ్చు, బి12 వల్ల కావచ్చు, రెండింటి వల్లా కావచ్చు. మీ అమ్మగారిని చూడకుండా ఏది అని నేను చెప్పలేను. కానీ బి12 ఇవ్వకుండా ఫోలిక్ ఆసిడ్ ఒక్కటే వేయడం ఆపి, ఈ రిపోర్టు పట్టుకుని షుగర్ చూసే డాక్టర్ దగ్గరికి ఈ వారమే వెళ్లండి. మెట్‌ఫార్మిన్ మీరుగా ఆపొద్దు. కళ్లు మూసుకుంటే తూలుతున్నారా, నడక మారిందా, మర్చిపోవడం పెరిగిందా అన్నది గమనించి డాక్టర్‌కు చెప్పండి. వేళ్ల కణుపుల మీద చర్మం ఈమధ్య నల్లబడిందేమో కూడా చూడండి. మన దగ్గర బి12 లోపం ఉన్నవాళ్లలో అది తరచు కనిపిస్తుంది.

సుజాత_జమ్మికుంట

కణుపులు నల్లగనే ఉన్నయి మేడం. వంట పని వల్ల అనుకున్నం. రేపే తీసుకపోతం. చాలా థ్యాంక్స్.

అఖిల_మంచిర్యాల

అక్కా వాళ్లందరికీ నమస్తే. దీనికి తిరగేసినట్టుండే ప్రశ్న ఒకటి మా క్వశ్చన్ బ్యాంకులో ఉంది, అది నాకు ఇప్పటికీ ఇబ్బందే.

24 ఏళ్ల అమ్మాయి, ఫిట్స్‌కు ఫెనిటోయిన్ వాడుతున్నది. హాస్టల్ తిండి, ఆకుకూరలు తినదు. హిమోగ్లోబిన్ 8.1, ఎంసీవీ 112. నడిస్తే తూలుతున్నది, పక్కకు చూస్తే కళ్లు కొట్టుకుంటున్నయి. కళ్లు తెరిచి నిలబడినా ఊగుతున్నది, మూసుకున్నా అంతే. వైబ్రేషన్ బాగా తెలుస్తున్నది. బొటనవేలు కిందికే. సీరం బి12 174, సీరం ఫోలేట్ 1.6, హోమోసిస్టిన్ 41, ఎంఎంఏ 165. తూలుతున్నది, బి12 తక్కువ ఉన్నది, నేను కోబాలమిన్ పెట్టిన. కీలో ఫోలేట్.

ఇమ్రాన్_కాజీపేట

భలే ప్రశ్న పెట్టావు అఖిలా. శ్రావ్య ప్రశ్నతో పక్కపక్కన పెట్టి చూడండి. అక్కడ బి12 అంకె నార్మల్, లోపం బి12. ఇక్కడ బి12 అంకె తక్కువ, లోపం ఫోలేట్. రెండు చోట్లా తేల్చింది ఎంఎంఏ.

ఫోలేట్ లోపం గట్టిగా ఉన్నవాళ్లలో కొందరికి సీరం బి12 కూడా తక్కువగా వస్తుంది. కణాల్లో బి12 లోపం లేకుండానే అట్లా కనిపిస్తుంది. ఫోలేట్ ఇస్తే చాలామందిలో ఆ అంకె దానంతటదే పైకి వస్తుంది. కాబట్టి ఎంఎంఏ 165 ఉన్నప్పుడు 174కి అంత బరువివ్వక్కర్లేదు. గర్భిణుల్లో కూడా సీరం బి12 ఇట్లాగే తగ్గి కనిపిస్తుంది.

తూలడం గురించి మేడం చెప్తే బాగుంటుంది.

రాజ్యం_మెడిసిన్

తూలడాలన్నీ ఒకటి కావు. పరకాల పేషెంటు కళ్లు తెరిస్తే నిలబడతాడు, మూస్తే పడతాడు. ఈ అమ్మాయి రెండు విధాలా ఊగుతున్నది, కళ్లు కొట్టుకుంటున్నాయి, వైబ్రేషన్ బాగుంది. ఇది చిన్నమెదడు తూలుడు. ఫెనిటోయిన్ మోతాదు ఎక్కువైతే ఇట్లాగే వస్తుంది. అంటే ఒకే మందు రక్తంలో ఫోలేట్ తగ్గించింది, విడిగా చిన్నమెదడును ఇబ్బంది పెట్టింది. ప్రశ్న రాసినవాళ్లు నరాల లక్షణం ఉంటే బి12 అన్న సూత్రాన్ని పరీక్షిస్తున్నారు. ఏ నరాల లక్షణం అని అడగకుండా ఆ సూత్రం వాడితే తప్పుతుంది.

నిజంగా ఈ అమ్మాయి నా దగ్గరికి వస్తే ఫెనిటోయిన్ లెవెల్ చూస్తాను. ఇంకో జాగ్రత్త, ఫోలిక్ ఆసిడ్ పెద్ద మోతాదులో మొదలుపెడితే ఫెనిటోయిన్ లెవెల్ తగ్గి ఫిట్స్ మళ్లీ రావచ్చు. కనిపెట్టి ఉండాలి.

నరేష్_నర్సంపేట

మేడం, ఈ రెండు కేసులూ ఒప్పుకుంటున్నా. కానీ ఎంఎంఏ ఇవ్వని ప్రశ్నలే ఎక్కువ వస్తాయి. పరకాల ప్రశ్నలో ఎంఎంఏ తీసేస్తే? బి12 238, ఫోలేట్ 18, హోమోసిస్టిన్ 48. అప్పుడు తాగేవాడని ఫోలేట్ అంటే తప్పెట్ల అవుతుంది?

రాజ్యం_మెడిసిన్

అప్పుడు కూడా బొటనవేలు ఉంది, కళ్లు మూస్తే తూలడం ఉంది, ఫోలిక్ ఆసిడ్ మీద ఉండగా నరాలు దిగజారడం ఉంది. ఫోలేట్ మూడు నెలలుగా నిండుగా పడుతున్న మనిషికి హోమోసిస్టిన్ 48 ఎందుకు ఉంటుందో చెప్పు. ఫోలేట్ లోపమే అయితే అది ఈపాటికి దిగి ఉండాలి. ఇంకా బొల్లి మచ్చలు. బొల్లి ఉన్నవాళ్లలో కడుపు పొరను దెబ్బతీసే ఆటోఇమ్యూన్ జబ్బు మామూలు జనం కంటే ఎక్కువ. ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్ లేకపోతే మాంసం ఎంత తిన్నా బి12 లోపలికి దాదాపుగా పోదు. తిండి బాగుందన్న నీ వాదనకు ఆ మచ్చలే జవాబు.

బొల్లి లేకపోతే, బొటనవేలు కిందికే వంగితే, హోమోసిస్టిన్ ఇవ్వకపోతే, అప్పుడు నువ్వన్న ఫోలేట్ నిలబడవచ్చు. నీ ఆలోచన తప్పు కాదు, ఈ పేషెంటుకు సరిపోదు.

శ్రావ్య_హన్మకొండ

మేడం, రెండు డౌట్లు మిగిలినయి. ఒకటి, ఇద్దరిలో ఎవరికి ఏది ఇవ్వాలో తేలకముందే పేషెంటు సీరియస్‌గ ఉంటే? రెండు, వెన్నుపాము ఎందుకు దెబ్బతింటది అన్న ప్రశ్నకు మా నోట్స్‌లో ఎంఎంఏ పేరుకుని మైలిన్‌లో తప్పుడు ఫ్యాటీ ఆసిడ్‌లు చేరుతాయి అని ఉంది. అదే రాయాలా?

రాజ్యం_మెడిసిన్

మొదటిదానికి, రక్తం శాంపిల్స్ తీసి పెట్టుకుని రెండూ కలిపి మొదలుపెట్టవచ్చు. ఫోలిక్ ఆసిడ్ ఒక్కటే ముందు ఇవ్వకూడదు. నరాల లక్షణాలుంటే బి12 ఇంజెక్షన్ 1000 మైక్రోగ్రాములు మొదట రోజూ గానీ రోజు విడిచి రోజు గానీ ఇచ్చి, తర్వాత వారానికి, నెలకు తగ్గిస్తాం. గోలీతో మొదలుపెట్టను. మొదటి రోజుల్లో పొటాషియం పడిపోతుందేమో చూడాలి, మజ్జ ఒక్కసారిగా పనిలోకి దిగి దాన్ని లాక్కుంటుంది. ఐదు నుంచి ఏడో రోజుకు రెటిక్యులోసైట్ల లెక్క పైకి ఎగబాకుతుంది. రక్తం రెండు నెలల్లో సర్దుకుంటుంది, నరాలకు నెలలు పడుతుంది, ఎక్కువకాలం నడిచిన జబ్బయితే కొంత మిగిలిపోతుంది.

రెండోది ఇమ్రాన్‌కు వదిలేస్తున్నా.

ఇమ్రాన్_కాజీపేట

పరీక్షలో కీ దాదాపు ఎప్పుడూ ఎంఎంఏ వైపే ఉంటుంది, మార్కు కావాలంటే అదే పెట్టు. కానీ అది తేలిపోయిన విషయం కాదు. పుట్టుకతో మిథైల్‌మలోనిల్ మ్యూటేజ్ లేని పిల్లలకు ఎంఎంఏ ఇంతకంటే ఎన్నో రెట్లు ఉంటుంది, వాళ్లకు ఈ తరహా వెన్నుపాము జబ్బు రావడం మామూలు కాదు. మరోవైపు నైట్రస్ ఆక్సైడ్ బి12లోని కోబాల్ట్‌ను ఆక్సీకరించి మొదట మిథియోనిన్ తయారుచేసే ఎంజైమును ఆపుతుంది. అది ఎక్కువగా పీల్చినవాళ్లకు అచ్చం ఇదే వెన్నుపాము జబ్బు వస్తుంది. అందుకని మిథియోనిన్, దాని నుంచి వచ్చే ఎస్-అడినోసిల్ మిథియోనిన్ తగ్గడమే అసలు కారణం అనేవాళ్లున్నారు. నాకు ఆ వైపే బరువుగా అనిపిస్తుంది.

అఖిల_మంచిర్యాల

కానీ అన్నా, మిథియోనిన్ తగ్గడమే కారణమైతే ఫోలేట్ లోపంలో కూడా మిథియోనిన్ తగ్గాలి కదా. మరి వాళ్లకు వెన్నుపాము ఎందుకు దెబ్బతినదు?

ఇమ్రాన్_కాజీపేట

ఆ ప్రశ్నకు నా దగ్గర పూర్తి జవాబు లేదు. మెదడు, వెన్నుపాము చుట్టూ ఉండే ద్రవంలో ఫోలేట్ రక్తంలో కంటే ఎక్కువ ఉంటుంది, లోపం వచ్చినా నరాల వ్యవస్థ తన వాటా చాలాకాలం కాపాడుకుంటుంది అన్నది ఒక వివరణ. ఎప్పుడో ఒకప్పుడు ఫోలేట్ లోపంలో కూడా ఇట్లాంటి వెన్నుపాము జబ్బు వచ్చిన కేసులు రాశారు, అంటే గీత మనం అనుకున్నంత పదునుగా లేదు. పరీక్షకు మాత్రం గీత గట్టిగానే గీసుకో.

మల్లేశం_ల్యాబ్_కరీంనగర్

మేడం, నాదొక ప్రశ్న. మొన్న ఒకాయనకు స్మియర్‌ల అన్నీ బి12 గుర్తులే, ఎల్‌డీహెచ్ 2000 దాటింది. బి12 మాత్రం 640 వచ్చింది. ఇంజెక్షన్ ఏదీ తీసుకోలేదని ఇంటోళ్లు గట్టిగ చెప్పిండ్రు. రెండోసారి పెట్టినా అంతే. మిషన్‌ను అనుమానించాల్నా?

రాజ్యం_మెడిసిన్

అనుమానించాలి, అదీ ఒక కారణంతో. బి12 కొలిచే ఆటోమేటిక్ పద్ధతులు చాలావరకు ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్‌నే వాడి బి12ని పట్టుకుంటాయి. పేషెంటు రక్తంలో దానికి వ్యతిరేకంగా యాంటీబాడీలుంటే అవి ఆ రియేజెంట్‌ను అడ్డుకుని అంకెను తప్పుగా పైకి చూపించగలవు. పెర్నిషియస్ అనీమియా ఉన్నవాళ్లకే ఇది జరుగుతుంది, అంటే లోపం అందరికంటే ఎక్కువున్నవాళ్లకే రిపోర్టు నార్మల్ వస్తుంది. రెండోసారి అదే మిషన్ మీద పెడితే అదే తప్పు వస్తుంది. ఆయనకు ఎంఎంఏ, ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్ యాంటీబాడీ పంపమని ఆ డాక్టర్‌కు ఫోన్ చేసి చెప్పు. యాంటీబాడీ పాజిటివ్ వస్తే దాదాపు ఖాయం, నెగెటివ్ వస్తే మాత్రం కొట్టేయలేం, సగం మందిలో అది దొరకకపోవచ్చు. లివర్ జబ్బు, కొన్ని రక్త క్యాన్సర్లు కూడా బి12ని పైకి చూపిస్తాయి, అవి లేవని చూసుకోమను. నరాల లక్షణాలుంటే రిపోర్టుల కోసం ఆగకుండా శాంపిల్ తీసి ఇంజెక్షన్ మొదలుపెట్టమను.

మల్లేశం_ల్యాబ్_కరీంనగర్

చెప్పిన మేడం. శాంపిల్ ఇంకా ఫ్రీజర్ల ఉన్నది, ఎంఎంఏకు పొద్దున పంపుతున్న. రిజల్ట్ వచ్చినంక ఇక్కడే రాస్తా.